సీసీ కెమెరాల కొటేషన్‌కి కవరింగ్ లెటర్ ఎలా రాయాలి: ఏమేం వస్తాయి, ధర ఎప్పటిదాకా, డబ్బు ఎప్పుడెప్పుడు

సీసీ కెమెరాలు, ఇన్వర్టర్లు, ఎలక్ట్రికల్ పనులు చేసేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు మూడే. "కొటేషన్ పంపితే జవాబే రావడం లేదు, ఎందుకు?" "పని అంతా అయ్యాక టీవీ కూడా మీరే ఇవ్వాలి కదా అంటున్నారు, ఏం చేయాలి?" "రెండు నెలలు గడిచాక పాత రేటుకే చేయమంటున్నారు, ఒప్పుకోవాలా?" ఈ మూడింటికీ మందు కొటేషన్ ముందు పెట్టే ఒక్క పేజీ ఉత్తరంలో ఉంది. చాలామంది ఆ పేజీలో "మీరు అడిగిన ప్రకారం కొటేషన్ జతచేశాము, పరిశీలించగలరు" అని ఒక వాక్యం రాసి సంతకం పెట్టేస్తారు. అలాంటి ఉత్తరం ఉన్నా లేకపోయినా ఒకటే.

దీన్ని ఒక ఉదాహరణ పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. హనుమకొండలో ఒక అపార్ట్‌మెంట్ అసోసియేషన్ 16 కెమెరాలకు ధర అడిగిందనుకోండి. మీరు వెళ్లి సైట్ చూశారు, సెక్రటరీగారితో మాట్లాడారు. ఆయనకు అన్నీ అర్థమయ్యాయి. కానీ నిర్ణయం ఆయనొక్కడిది కాదు. కమిటీ మీటింగ్‌లో ట్రెజరర్, మరో నలుగురు మీ కాగితాన్నీ ఇంకో ఇద్దరి కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తారు. అక్కడ మీరుండరు. మీరు నోటితో చెప్పినవేవీ అక్కడ ఉండవు. కాబట్టి ఉత్తరం రాసేటప్పుడు సెక్రటరీగారిని కాకుండా ఆ ట్రెజరర్‌ని మనసులో పెట్టుకోండి.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- పూర్తయిన కొటేషన్. మొత్తాలు ఖాయమయ్యాకే ఉత్తరం మొదలుపెట్టండి. ముందు ఉత్తరం రాసి తర్వాత రేట్లు మారిస్తే రెండింట్లో రెండు అంకెలు మిగిలిపోతాయి.
- సైట్ చూసిన రోజు రాసుకున్న కాగితం: ఏ కెమెరా ఎక్కడ, కేబుల్ ఎన్ని మీటర్లు, కరెంటు పాయింట్ ఎక్కడుంది.
- మీ డిస్ట్రిబ్యూటర్ ఇచ్చిన ధరలు, అవి ఎన్నాళ్లు ఉంటాయని ఆయన చెప్పిన మాట.
- కస్టమర్ ఎప్పుడు నిర్ణయం తీసుకుంటారు, చెక్కు మీద ఎవరెవరు సంతకం పెట్టాలి అన్న సమాచారం. ఇది అడిగేవాళ్లు తక్కువ. గడువు, చెల్లింపు రెండూ దీని మీదే నిలబడతాయి.

మన ఉదాహరణలో లెక్క ఇలా వేసుకుందాం. ఇవి నమూనా రేట్లు, మీ ఊరి రేట్లు మీరు వేసుకోండి.

- 4 మెగాపిక్సెల్ ఐపీ కెమెరాలు 16, ఒక్కోటి రూ. 3,200 చొప్పున: రూ. 51,200
- 16 ఛానళ్ల ఎన్‌వీఆర్ ఒకటి: రూ. 11,500
- 8 పోర్టుల పీఓఈ స్విచ్‌లు రెండు: రూ. 9,600
- 6 టెరాబైట్ల హార్డ్‌డిస్క్: రూ. 16,500
- క్యాట్ 6 కేబుల్, పీవీసీ పట్టీ, లాగుడు కూలితో కలిపి 600 మీటర్లు, మీటరు రూ. 45 చొప్పున: రూ. 27,000
- గోడకు బిగించే చిన్న ర్యాక్: రూ. 3,400
- బిగింపు, సెట్టింగులు, కెమెరాకు రూ. 600 చొప్పున: రూ. 9,600

మొత్తం రూ. 1,28,800. దీనిపై 18 శాతం జీఎస్టీ రూ. 23,184. అంతా కలిపి రూ. 1,51,984. ఈ పట్టికంతా ఉత్తరంలోకి ఎక్కించకండి. అది కొటేషన్‌లో ఉంటుంది. ఉత్తరంలోకి వచ్చేవి చివరి మూడు అంకెలే.

1. మొదటి రెండు వాక్యాల్లో పని పేరు, మొత్తం చెప్పేయండి

కొటేషన్ నంబరు, తేదీ, ఏ పనికి, పన్నుతో కలిపి ఎంత. ఇంతే. మీ సంస్థ ఎప్పుడు పెట్టారు, ఎంతమంది కస్టమర్లున్నారు అన్నవి ఇక్కడ వద్దు. ట్రెజరర్ చూపు నేరుగా అంకె దగ్గరకే పోతుంది. అది రెండో పేజీలో అడుగున దొరికితే ఉత్తరం చదవడం అక్కడితో ఆగిపోతుంది.

"జీఎస్టీ అదనం" అని మాత్రం రాసి వదలకండి. పన్ను ఎంతో, కలిపితే ఎంతో మీరే చూపించండి. ఎవరైనా పన్ను లేకుండా 1,32,000 అని రాసి మీరు పన్నుతో 1,51,984 అని రాస్తే, మీటింగ్‌లో మీరే ఖరీదుగా కనిపిస్తారు. నిజానికి ఆయనదే ఎక్కువ. అందుకే పన్నుకు ముందు, పన్ను, మొత్తం అని మూడూ ఒకే వరుసలో పెట్టండి. ఎవరితో పోల్చినా సరైన అంకెతో పోలుస్తారు.

2. ఈ డబ్బుకు ఏమేం వస్తాయో రాయండి

గొడవల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడుతుంది, అందుకే ఈ భాగం దగ్గర కొంచెం నిదానించండి.

కొటేషన్‌లో వస్తువుల జాబితా ఉంటుంది కదా, దాన్నే మళ్లీ రాయమంటారా అని అడుగుతారు. కాదు. కొటేషన్ వస్తువుల పేర్లు చెబుతుంది, ఉత్తరం ఆ వస్తువుల వల్ల కస్టమర్‌కు ఏం దక్కుతుందో చెప్పాలి. "6 టెరాబైట్ల హార్డ్‌డిస్క్" అంటే ట్రెజరర్‌కి ఏమీ తెలియదు. ఆయనకు కావలసింది "ఎన్ని రోజుల వెనక్కి వెళ్లి చూడొచ్చు" అన్నది.

ఆ రోజుల లెక్క వేయడం కష్టం కాదు. 4 మెగాపిక్సెల్ కెమెరాను హెచ్.265లో సెకనుకు 2 మెగాబిట్ల దగ్గర పెట్టారనుకోండి. 16 కెమెరాలకు సెకనుకు 32 మెగాబిట్లు, అంటే 4 మెగాబైట్లు. గంటకు 14.4 గిగాబైట్లు, రోజుకు దాదాపు 345 గిగాబైట్లు. 6 టెరాబైట్లను దీనితో భాగిస్తే 17 రోజులు వస్తుంది. ఉత్తరంలో "సుమారు 15 రోజులు" అని రాయండి. క్వాలిటీ కాస్త పెంచమని తర్వాత అడిగితే రోజులు తగ్గుతాయి కాబట్టి ఆ రెండు రోజులు చేతిలో ఉంచుకోవాలి. పక్క కొటేషన్‌లో ఇదే డిస్క్ పెట్టి "30 రోజుల రికార్డింగ్" అని రాసి ఉండొచ్చు. క్వాలిటీ సగానికి దించితేనో, కదలిక ఉన్నప్పుడే రికార్డయ్యేలా పెడితేనో అది కుదురుతుంది. మీరు "24 గంటలూ ఆగకుండా, సుమారు 15 రోజులు" అని రాస్తే కమిటీలో ఎవరో ఒకరు అవతలి ఆయన్ని "మీ 30 రోజులు ఎలా వస్తాయి?" అని అడుగుతారు.

తర్వాతిది కేబుల్. సైట్ చూసి 600 మీటర్లని అంచనా వేశారు. నిజంగా లాగేటప్పుడు 640 కావచ్చు, 570 కావచ్చు. ఉత్తరంలో ఇలా రాయండి: "కేబుల్ 600 మీటర్ల వరకు ఈ ధరలో ఉంది. వాస్తవంగా పట్టిన కొలత ప్రకారం మీటరుకు రూ. 45 చొప్పున, పన్ను అదనంగా, ఎక్కువైతే కలుపుతాం, తక్కువైతే తగ్గిస్తాం." తగ్గిస్తాం అన్న మాట తప్పకుండా ఉండాలి. కలపడం ఒక్కటే రాస్తే ఎవరూ నమ్మరు. కొలత ఎలా తెలుస్తుందో కూడా ఒక ముక్క చెప్పండి. క్యాట్ 6 కేబుల్ తొడుగు మీద వరసగా కొలత అంకెలు ముద్రించి ఉంటాయి. ఒక్కో లైను మొదట్లో, చివర్లో ఉన్న అంకెల ఫోటో తీసి పెట్టుకుంటే వాదన ఉండదు. మీరు కొన్న డబ్బాలో అంకెలు మీటర్లలో ఉన్నాయో అడుగుల్లో ఉన్నాయో మాత్రం ముందే చూసుకోండి.

ఇక హద్దులు. 16 ఛానళ్ల ఎన్‌వీఆర్‌లో 16 కెమెరాలే పడతాయి. రెండు 8 పోర్టుల స్విచ్‌లూ నిండిపోతాయి. సగం పని అయ్యాక "జనరేటర్ దగ్గర ఇంకోటి పెట్టండి, ఒక్క కెమెరానే కదా" అంటారు. ఆ ఒక్క కెమెరాకు కొత్త ఎన్‌వీఆర్, కొత్త స్విచ్ కావాలి. ఈ సంగతి ముందే ఒక వాక్యంలో రాసి ఉంటే, ఎన్ని కెమెరాలు కావాలో మీటింగ్‌లోనే తేల్చుకుంటారు.

వారంటీని రెండుగా విడగొట్టండి. వస్తువుకు కంపెనీ ఇచ్చే వారంటీ వేరు, మీరు వచ్చి చూసిపెట్టే ఉచిత సర్వీసు వేరు. "2 సంవత్సరాల వారంటీ" అని మాత్రం రాస్తే రెండేళ్లపాటు సాలెగూడు తుడవడానికి కూడా మిమ్మల్నే పిలుస్తారు.

3. ఏవి రావో అంతే స్పష్టంగా రాయండి

ఇది రాస్తే కస్టమర్ వెనక్కి పోతాడేమోనని భయం. రాయకపోతే మీ జేబు నుంచి పెట్టుకుంటారు. అపార్ట్‌మెంట్ పనుల్లో ఎప్పుడూ తకరారు వచ్చేవి ఇవే: చూడటానికి టీవీ లేదా మానిటర్, ఇంటర్నెట్ కనెక్షన్, యూపీఎస్, కరెంటు పాయింట్లు, గేటు దగ్గర స్తంభం, తవ్వకం, గోడ మళ్లీ రంగు వేయడం. వీటిలో మీ పనికి వర్తించేవి మాత్రమే రాయండి. ఇరవై వస్తువుల జాబితా పెడితే, ఈయన ఏదీ ఇవ్వడు అనిపిస్తుంది.

ఒక్కో దాని పక్కన అది ఎవరు చూసుకోవాలో కూడా చెబితే ఇంకా మేలు. "ఇంటర్నెట్ అసోసియేషన్‌ది. లేకపోయినా రికార్డింగ్ ఆగదు, ఫోన్‌లో చూడటం మాత్రం కుదరదు" అంటే చదివేవాళ్లకు ఏం కొనాలో, ఎందుకో రెండూ తెలుస్తాయి.

ఒక హెచ్చరిక: "అన్నీ కలిపి" అన్న మాట ఉత్తరంలో ఎక్కడా పడనివ్వకండి. మీరు రాసిన మినహాయింపులన్నిటినీ ఆ రెండు పదాలు మింగేస్తాయి.

4. ధర గడువును తేదీగా రాయండి

"వాలిడిటీ 15 రోజులు" అని రాస్తే ఏ రోజు నుంచి? కొటేషన్ తేదీ నుంచా, వాళ్లకు చేరిన రోజు నుంచా, సెక్రటరీగారు ఊరి నుంచి వచ్చి తెరిచిన రోజు నుంచా? తేదీ, వారం, వేళ రాస్తే ఈ ప్రశ్న ఉండదు.

ఏ తేదీ పెట్టాలన్నది అసలు విషయం. రెండు వైపుల నుంచి చూడండి. ఒకవైపు మీ డిస్ట్రిబ్యూటర్ ధర ఎన్నాళ్లు పట్టి ఉంచుతాడు. మరోవైపు కస్టమర్‌కు ఎన్నాళ్లు కావాలి. మన ఉదాహరణలో కొటేషన్ 5 జూన్ 2026, శుక్రవారం ఇస్తున్నాం. వాళ్ల కమిటీ ప్రతి నెలా రెండో ఆదివారం కూర్చుంటుంది, అంటే జూన్ 14న. చెక్కు మీద ఇద్దరి సంతకాలు కావాలి, అందులో ఒకరు ఊళ్లో ఉండకపోవచ్చు. వారం గడువు పెడితే మీటింగ్‌కు ముందే మీ ధర చచ్చిపోతుంది. మీటింగ్ తర్వాత ఒక వారం ఇచ్చి, జూన్ 22 సోమవారం దాకా పెడితే సరిపోతుంది. నెల పెడితే ఏమవుతుంది? ఇంకో మీటింగ్‌కి వాయిదా పడుతుంది, మీరు ఆ నెలంతా హార్డ్‌డిస్క్ రేటు చూసుకుంటూ కూర్చోవాలి.

హార్డ్‌డిస్క్ లాంటి ఒక్క వస్తువు ధరే ఊగుతుంటే, మొత్తం గడువు తగ్గించక్కర్లేదు. "హార్డ్‌డిస్క్ ధర మాత్రం ఆర్డర్ రోజు ధర ప్రకారం" అని వేరుగా చెప్పొచ్చు. కానీ ఇలాంటి మినహాయింపు ఒకటి దాటకూడదు. రెండు మూడు పెడితే అసలు మీరు ధర చెప్పనట్టే.

గడువులోపు ఏం జరిగితే ఆర్డర్ ఖాయమైనట్టో కూడా రాయాలి. ఫోన్‌లో "కానివ్వండి" అంటే సరిపోతుందా, అడ్వాన్స్ రావాలా? నా సలహా: రాతపూర్వకంగా ఆర్డర్, అడ్వాన్స్ రెండూ అందాలి. వాట్సాప్ మెసేజ్ కూడా రాతే.

చట్టం దగ్గర తెలుసుకోవాల్సింది కొంచెమే. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం, గడువు పెట్టిన ప్రతిపాదన ఆ గడువు దాటగానే రద్దవుతుంది. గడువు చెప్పకపోతే "సమంజసమైన కాలం" దాకా అంటుంది చట్టం, ఆ కాలం ఎంతన్నది మళ్లీ వాదన. ఇంకొకటి, అంగీకారం షరతులు లేకుండా ఉండాలి. "సరే, కానీ 1,40,000కి చేయండి" అని వాళ్లు రాస్తే అది అంగీకారం కాదు, వాళ్ల వైపు నుంచి వచ్చిన కొత్త ప్రతిపాదన. మీరు దానికి "ఓకే" అని పెడితే 1,40,000కే కట్టుబడతారు, అది పన్నుతోనా పన్ను లేకుండానా అన్నది గాల్లో ఉండిపోతుంది. కాబట్టి బేరం తెగాక పాత కాగితం మీద దిద్దకుండా, కొత్త నంబరుతో, కొత్త తేదీతో కొటేషన్, ఉత్తరం రెండూ మళ్లీ ఇవ్వండి. "ఇది 5 జూన్ నాటి కొటేషన్ స్థానంలో ఇస్తున్నది" అని మొదటి వాక్యంలోనే చెప్పండి.

5. డబ్బు ఎప్పుడు, ఎంత, ఏది జరిగితే

శాతాలు మాత్రమే రాస్తే చాలదు, రూపాయలు రాయండి. "50 శాతం అడ్వాన్స్" అన్నప్పుడు పన్నుతో కలిపిన దాంట్లోనా, పన్నుకు ముందు దాంట్లోనా అని ట్రెజరర్ ఆగిపోతాడు. మన ఉదాహరణలో మూడు వాయిదాలు పెట్టుకుందాం: ఆర్డర్‌తో రూ. 75,992, మెటీరియల్ సైట్‌కు చేరిన రోజు రూ. 60,800, పని అప్పగించిన 3 రోజుల్లోపు రూ. 15,192. మూడూ కూడితే 1,51,984 సరిగ్గా వస్తుంది. రెండో వాయిదా 40 శాతానికి కొన్ని రూపాయలు అటూ ఇటూ ఉంది, అది ఫర్వాలేదు. మొత్తం తేడా రాకూడదు.

మూడో వాయిదా చిన్నదిగా ఉంచడంలో ఒక ఉద్దేశం ఉంది. పని పూర్తయ్యాక మీ చేతిలో పట్టు ఏమీ ఉండదు. అక్కడ 40 శాతం ఆగిపోతే మీ లాభంతో పాటు మెటీరియల్ డబ్బు కూడా ఇరుక్కుంటుంది. పదో వంతు అట్టిపెట్టుకుంటే కస్టమర్‌కూ ధైర్యంగా ఉంటుంది.

"పని పూర్తయ్యాక" అన్న మాటకు అర్థం రాయండి. లేకపోతే ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకుంటారు. "16 కెమెరాల బొమ్మ తెర మీద చూపించి, నిన్నటి రికార్డింగ్ వెనక్కి తిప్పి చూపించి, పాస్‌వర్డ్ అప్పగించి, అప్పగింత కాగితం మీద సంతకం తీసుకున్న రోజు" అని రాస్తే తేదీ తేలిపోతుంది. ఇంకా ఒక వాక్యం కలపండి: కరెంటు పాయింట్ లాంటి మీ వైపు కాని కారణంతో పని 10 రోజులు దాటి ఆగితే, అప్పటిదాకా చేసిన పనికి డబ్బు చెల్లించాలి. కటువుగా కాకుండా, మామూలు మాటల్లో రాయండి.

బ్యాంకు ఖాతా వివరాలు కొటేషన్‌లో ఒక్కచోటే పెట్టి, ఉత్తరంలో ఆ పేజీని చూపించండి. "ఖాతా నంబరు మారిందని ఏదైనా మెసేజ్ వస్తే డబ్బు పంపకుండా ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని కలిపితే మంచిది. ఇలాంటి మోసాలు జరుగుతున్నాయి.

కస్టమర్ కంపెనీ అయితే రెండు తేడాలు. మొదటిది, వాళ్లు బిల్లులో టీడీఎస్ కోసుకుని ఇస్తారు. అది మీ పన్ను ఖాతాలోకే పోతుంది కాబట్టి నష్టం కాదు, కానీ చేతికి వచ్చే అంకె తగ్గుతుంది. బిల్లులో జీఎస్టీ వేరుగా చూపిస్తే ఆ జీఎస్టీ మొత్తం మీద కోయక్కర్లేదు. "టీడీఎస్ ఉంటే పన్నుకు ముందు మొత్తంపై మాత్రమే" అని ఉత్తరంలో ఒక ముక్క రాయండి. రెండోది, వాళ్లు అడ్వాన్స్ ఇవ్వకుండా 30 రోజులు, 60 రోజులు అరువు అడుగుతారు. మీకు సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండి, మీ పని ఎంఎస్ఎంఈడీ చట్టం, 2006 కిందికి వస్తే, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించిన అరువు చెల్లదు. కొని అమ్మే వ్యాపారం మాత్రమే చేసేవాళ్లు దీని మీద ఆధారపడేముందు తమ ఆడిటర్‌ని అడగాలి.

6. ఇప్పుడు కలిపి రాయండి

పై నుంచి వచ్చిన ముక్కల్ని ఒకచోట పెడితే ఇలా ఉంటుంది:

> తేదీ: 5 జూన్ 2026
> కొటేషన్ నం. 118
>
> కార్యదర్శిగారికి, అపార్ట్‌మెంట్ సంక్షేమ సంఘం, హనుమకొండ
>
> విషయం: 16 సీసీ కెమెరాల ఏర్పాటుకు కొటేషన్
>
> అయ్యా,
>
> మే 31న మీతో కలిసి చూసిన ప్రకారం 16 కెమెరాల ఏర్పాటుకు కొటేషన్ జతచేస్తున్నాం. మొత్తం రూ. 1,28,800, జీఎస్టీ 18 శాతం రూ. 23,184, కలిపి రూ. 1,51,984 (ఒక లక్షా యాభై ఒక్క వేల తొమ్మిది వందల ఎనభై నాలుగు రూపాయలు).
>
> ఈ ధరలో వచ్చేవి: 16 కెమెరాలు, రికార్డింగ్ యంత్రం, స్విచ్‌లు, ర్యాక్, 600 మీటర్ల వరకు కేబుల్, బిగింపు. 24 గంటల రికార్డింగ్ సుమారు 15 రోజులు నిల్వ ఉంటుంది. కేబుల్ వాస్తవ కొలత ప్రకారం మీటరుకు రూ. 45 మరియు పన్ను చొప్పున ఎక్కువైతే కలుపుతాం, తక్కువైతే తగ్గిస్తాం. కెమెరాలకు, రికార్డింగ్ యంత్రానికి కంపెనీ వారంటీ 2 సంవత్సరాలు. మా ఉచిత సర్వీసు 12 నెలలు. పిడుగు, హై వోల్టేజీ వల్ల పాడైతే వర్తించదు.
>
> ఈ ధరలో రానివి: టీవీ, యూపీఎస్, ఇంటర్నెట్ కనెక్షన్, ర్యాక్ దగ్గర కరెంటు పాయింట్. ఇవి సంఘం ఏర్పాటు చేసుకోవాలి. ఈ యంత్రం 16 కెమెరాలకే సరిపోతుంది. ఇంకా కావాలంటే ఆర్డర్‌కు ముందే చెబితే కొత్త ధర ఇస్తాం.
>
> ధర గడువు: 22 జూన్ 2026, సోమవారం సాయంత్రం 6 గంటల వరకు. ఆలోపు రాతపూర్వక ఆర్డర్, అడ్వాన్స్ రెండూ అందితే ధర మారదు. అడ్వాన్స్ అందిన 10 పనిదినాల్లో పని పూర్తిచేస్తాం.
>
> చెల్లింపు: ఆర్డర్‌తో రూ. 75,992. మెటీరియల్ సైట్‌కు చేరిన రోజు రూ. 60,800. కెమెరాలన్నీ, రికార్డింగ్ చూపించి అప్పగింత కాగితంపై సంతకం అయిన 3 రోజుల్లో రూ. 15,192. కేబుల్ కొలతలో తేడా ఉంటే ఈ చివరి వాయిదాలో సరిచేస్తాం. మా వైపు కాని కారణంతో పని 10 రోజులకు మించి ఆగితే, అప్పటిదాకా అయిన పనికి చెల్లించగలరు. ఖాతా వివరాలు కొటేషన్ చివరి పేజీలో ఉన్నాయి.
>
> జూన్ 14 మీటింగ్‌కు రమ్మంటే వచ్చి సందేహాలు తీరుస్తాం.
>
> ఇట్లు,
> (సంతకం, పేరు, ఫోన్)

ఇంగ్లీషులో పంపినా ఇదే వరుస. అసోసియేషన్లకు తెలుగులో ఉంటేనే నలుగురూ చదువుతారన్నది నా అభిప్రాయం. కంపెనీలకు ఇంగ్లీషు.

7. పంపే పద్ధతి

ఉత్తరం, కొటేషన్ రెండు వేర్వేరు ఫైళ్లుగా పంపకండి. సెక్రటరీగారు గ్రూపులో కొటేషన్ ఒక్కదాన్నే ఫార్వర్డ్ చేస్తారు, మీరు కష్టపడి రాసిన పేజీ ఆయన ఫోన్‌లోనే ఉండిపోతుంది. ఒకే పీడీఎఫ్, ఉత్తరం మొదటి పేజీ. ఫైలు పేరులో పని, తేదీ ఉండనివ్వండి.

దానితో పాటు వాట్సాప్‌లో నాలుగు ముక్కల మెసేజ్ చాలు: "నమస్కారమండీ. 16 కెమెరాల కొటేషన్ పంపాను. పన్నుతో రూ. 1,51,984. టీవీ, యూపీఎస్, నెట్ ఇందులో లేవు. ధర జూన్ 22 సాయంత్రం 6 దాకా. సగం అడ్వాన్స్, మిగతా వివరాలు మొదటి పేజీలో ఉన్నాయి." మెసేజ్‌లో ఉత్తరంలో లేని మాట ఏదీ ఇవ్వకండి. "తర్వాత చూసుకుందాం లెండి" లాంటివి కూడా స్క్రీన్‌షాట్లుగా తిరిగొస్తాయి.

ఎక్కువగా జరిగే తప్పులు

పాత ఉత్తరాన్ని తెరిచి పేరు మార్చడం అందరూ చేసేదే. అప్పుడు మిగిలిపోయేవి ఎప్పుడూ గడువు తేదీ, అంకెల పక్కన ఉన్న అక్షరాలు. అంకెల్లో 1,51,984 ఉండి అక్షరాల్లో పోయిన కస్టమర్ మొత్తం ఉంటే, ఏది నిజమన్న వాదనలో మీరు తక్కువ దానికే దిగాల్సి వస్తుంది.

ఉత్తరంలో డిస్కౌంట్ రాసి కొటేషన్ పట్టికలో తగ్గించకపోవడం ఇంకొకటి. తగ్గింపు ఎప్పుడూ పట్టికలోనే జరగాలి. ఉత్తరం ఆ ఫలితాన్ని చెబుతుంది, అంతే.

మూడోది, గడువును, పని పూర్తిచేసే కాలాన్ని ఒకే వాక్యంలో కలిపేయడం. "15 రోజుల్లో" అన్నది ధరకా, పనికా అని చదివేవాళ్లకు తెలియదు. పని రోజులు అడ్వాన్స్ అందినప్పటి నుంచి లెక్క అని విడిగా రాయండి.

ప్రభుత్వ ఆఫీసు టెండరైతే ఈ పద్ధతంతా పక్కన పెట్టండి. గడువు ఎంత, చెల్లింపు ఎలా అన్నది వాళ్ల పత్రంలోనే ఉంటుంది. ఉత్తరంలో మీ సొంత షరతు రాస్తే, షరతులతో కూడిన బిడ్ అని తీసి పక్కన పెట్టే ప్రమాదం ఉంది. అక్కడ జతచేసిన కాగితాల జాబితా, "మీ నిబంధనలన్నీ అంగీకరిస్తున్నాం" అన్న మాట, సంతకం చాలు. అడ్వాన్స్ లేకుండా చేయగలరా అన్నది బిడ్ వేయకముందే తేల్చుకోవాలి.

పంపేముందు సరిచూసుకోవడం

కాలిక్యులేటర్ తీసుకుని వాయిదాలు కూడండి, మొత్తం రావాలి. పన్నుకు ముందు మొత్తాన్ని 1.18తో గుణించండి, అదే అంకె రావాలి. తర్వాత క్యాలెండర్ తెరిచి గడువు తేదీ నిజంగా ఆ వారమేనా చూడండి.

పీడీఎఫ్‌ని మీకే వాట్సాప్ చేసుకుని ఫోన్‌లో తెరవండి. వేళ్లతో పెద్దది చేయకుండా మొత్తం, గడువు చదవగలుగుతున్నారా? లేకపోతే అక్షరం పెంచండి, మాటలు తగ్గించండి. ఒక పేజీ దాటకూడదు.

ఆఖరికి ఈ పని తెలియని మనిషికి, ఇంట్లోవాళ్లకో పక్క షాపతనికో, ఆ ఒక్క పేజీ ఇచ్చి నిమిషం తర్వాత వెనక్కి తీసుకోండి. మొత్తం ఎంత, ఎప్పటిలోగా చెప్పాలి, వాళ్లు విడిగా ఏం కొనుక్కోవాలి అని అడగండి. మొదటి రెండూ అందరూ చెబుతారు. మూడోదానికి తడబడితే "రానివి" అన్న భాగాన్ని మళ్లీ రాయండి.

పంపాక, మీటింగ్ ముందు రోజు, అంటే జూన్ 13న ఒక్కసారి ఫోన్ చేయండి. "నిర్ణయం తీసుకున్నారా" అని కాదు, "రేపు మీటింగ్‌లో ఎవరికైనా సందేహం వస్తే నాకు ఫోన్ చేయండి, అందుబాటులో ఉంటాను" అని. గడువు తేదీ దాటాక ఆర్డర్ వస్తే, ధర మారకపోయినా సరే, పాత కొటేషన్ మీద పని మొదలుపెట్టకుండా కొత్త తేదీతో ఉత్తరం ఇచ్చి అడ్వాన్స్ తీసుకోండి.